బోరు మోటారు యాడ్ శ్రావణి ఫోన్‌లోకి ఎలా వచ్చింది? యూట్యూబ్ రాసుకునే చిట్టా, దాన్ని అదుపు చేసే మీటలు

మిర్యాలగూడ నుంచి నాన్న ఆదివారం రాత్రి ఫోన్ చేశాడు. బోరు మోటారు కాలిపోయింది, వైండింగ్ చేయించాలా, కొత్తది కొనాలా అని అడిగాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే శ్రావణి "చూద్దాంలే నాన్నా" అని పెట్టేసింది. పొద్దున్నే బస్సులో యూట్యూబ్ తెరిస్తే మొదటి యాడే సబ్‌మెర్సిబుల్ మోటార్లది. మోటార్ల గురించి ఆమె ఒక్క వీడియో కూడా చూసి ఎరగదు. "ఫోన్ మన మాటలు వింటోంది" అని ఆఫీసులో చెబితే, ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. ఒక్కొక్కరూ తమ అనుభవం ఒకటి చెప్పారు.

శ్రావణి నేను కల్పించిన మనిషి. కథ మాత్రం మీరూ ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. ఫోన్ వింటోందన్న అనుమానం కొత్తది కాదు. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. వాటిలో ఏ యాప్ కూడా చాటుగా మైకు ఆన్ చేసి మాటలు పంపుతున్నట్టు వాళ్లకు కనిపించలేదు. యాడ్ల కోసం మైకు వాడటం లేదని గూగుల్ కూడా అంటుంది. అయినా కంపెనీ మాటను పూర్తిగా నమ్మాల్సిన పని లేదు. ఎందుకంటే శ్రావణి యాడ్‌కు మైకు అవసరమే పడలేదు. కారణం వాళ్ల ఇంటి హాల్లోనే గోడకు వేలాడుతోంది. అక్కడికి వెళ్లే ముందు యూట్యూబ్ అసలు ఏం రాసుకుంటుందో చూద్దాం.

## చిట్టాలో ఏముంటుంది

వ్యక్తిగత డేటా అంటే ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా అనే చాలామంది అనుకుంటారు. యూట్యూబ్ విషయంలో అసలు సరుకు అది కాదు. మనం ఏం చూశాం, ఎంతసేపు చూశాం, ఎక్కడ ఆపేశాం, సెర్చ్‌లో ఏం కొట్టాం, దేనికి లైక్ పెట్టాం, ఏ యాడ్‌ను స్కిప్ చేయకుండా వదిలేశాం అన్నవే సరుకు. కిరాణా కొట్టు శెట్టిగారి ఖాతా పుస్తకంలో మన పేరు ఒక్క లైనే ఉంటుంది, మనం కొన్నవి మాత్రం పేజీలకు పేజీలు ఉంటాయి. ఇదీ అంతే.

యూట్యూబ్ 2006 నుంచి గూగుల్‌ది. అందుకే ఈ చిట్టా యూట్యూబ్ దగ్గరే ఆగిపోదు. అకౌంట్ తెరిచినప్పుడు ఇచ్చిన పుట్టిన తేదీ, ఫోన్ నంబరు అందులో ఉంటాయి. సెట్టింగులను బట్టి గూగుల్‌లో వెతికినవి, క్రోమ్‌లో తెరిచిన సైట్లు కూడా అదే అకౌంట్ కిందికి వస్తాయి. ఫోన్ మోడల్, నెట్‌వర్క్ పేరు, ఐపీ అడ్రస్ లాంటివి మనం చెప్పకుండానే అందుతాయి. మన ఫోన్ ఇంటర్నెట్‌కు కలిసినప్పుడు వచ్చే చిరునామా ఈ ఐపీ. దాంతో మన ఇల్లు ఫలానా అని తెలియదు, ఏ ఊరి చుట్టుపక్కల ఉన్నామో మాత్రం సుమారుగా తెలుస్తుంది. ఇలాంటి సుమారు ప్రాంతాన్ని గూగుల్ 3 చదరపు కిలోమీటర్ల కంటే పెద్దదిగా, కనీసం వెయ్యిమంది యూజర్లు ఉండేలా తీసుకుంటానని చెబుతుంది. అంటే మన వీధి దాకా రాదు, మన బస్తీ దాకా రావచ్చు.

"నేను లాగిన్ అవ్వను, నాకేం కాదు" అనేవాళ్లూ ఉన్నారు. లాగిన్ కాకపోయినా బ్రౌజర్‌లో చిన్న గుర్తు ఒకటి కూర్చుంటుంది. దాన్ని కుకీ అంటారు. యూట్యూబ్ పెట్టే కుకీల్లో ఒకదాని పేరు `VISITOR_INFO1_LIVE`. మీ పేరు దానికి తెలియదు, కానీ మొన్న ఈ బ్రౌజర్‌లో చేపల పులుసు వీడియో చూసిన మనిషే ఈరోజూ వచ్చాడని దానివల్ల తెలుస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అడ్వర్టైజింగ్ ఐడీ అనే పొడవాటి నంబరు కూడా ఇలాంటి పనే చేస్తుంది. దాన్ని ఫోన్ సెట్టింగుల్లోని Ads భాగంలోకి వెళ్లి తీసేయొచ్చు. ఐఫోన్‌లో 2021 నుంచి, వేరే కంపెనీల యాప్‌లు, సైట్లలో మనల్ని వెంబడించాలంటే యాప్ ముందుగా అడగాలి.

చిట్టా మీద నమ్మకం కుదరనివాళ్లు కళ్లారా చూడొచ్చు. `takeout.google.com` కి వెళ్లి యూట్యూబ్ హిస్టరీ ఒక్కటే ఎంచుకుని డౌన్‌లోడ్ చేస్తే `watch-history` అనే ఫైల్ వస్తుంది. అందులో చూసిన ప్రతి వీడియో పేరూ, తేదీ, సెకన్లతో సహా టైమూ ఉంటాయి. మధ్యమధ్యలో కొన్నిటి కింద `From Google Ads` అని ఉంటుంది. అవి మనం కావాలని చూసినవి కావు, మన ముందు ఆడిన యాడ్లు. అర్ధరాత్రి రెండింటికి ఏం చూశామో ఫైల్‌లో చదివితే కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

## రాసుకున్నది ఒకటి, ఊహించింది ఇంకొకటి

చిట్టా ఉన్నదున్నట్టుగా యాడ్లు ఇచ్చేవాళ్లకు పనికిరాదు. మోటారు అమ్మేవాడికి శ్రావణి చూసిన 4 వేల వీడియోల జాబితాతో ఏం పని? "బోర్లు, వ్యవసాయ పనిముట్ల మీద ఆసక్తి ఉన్నవాళ్లు" అన్న గుంపు కావాలి. అందుకని గూగుల్ మనం చూసినవాటి నుంచి అంచనాలు కడుతుంది. ఏ విషయాలంటే ఇష్టం, పెళ్లయిందా, పిల్లలున్నారా, ఎంతవరకు చదువుకున్నారు, ఏ రంగంలో ఉద్యోగం, సొంతిల్లా అద్దె ఇల్లా లాంటివి. వీటిలో కొన్ని మనం చెప్పినవి, చాలావరకు అది ఊహించినవి.

ఈ ఊహలు కనిపించే చోటు `myadcenter.google.com`. గూగుల్ దీన్ని 2022 అక్టోబర్‌లో అందరికీ తెచ్చింది. శ్రావణి తెరిచి చూస్తే, పెళ్లి కాని ఆమెకు పిల్లలున్నట్టు అక్కడ ఉంది. ఆసక్తుల్లో వ్యవసాయ యంత్రాలు, భక్తి పాటలు, పచ్చళ్లు, కార్టూన్లు. ఆమెకు నవ్వొచ్చింది, ఆ వెంటనే విషయం అర్థమైంది.

పోయిన సంక్రాంతికి ఇంటికి స్మార్ట్ టీవీ కొన్నప్పుడు, యాప్ లాగిన్ అడిగింది. అమ్మానాన్నలకు జీమెయిల్ లేదు. "నాది పెట్టేయండి, తర్వాత చూద్దాం" అని శ్రావణి తన ఫోన్‌తో కోడ్ కొట్టింది. ఆ "తర్వాత" ఎప్పటికీ రాలేదు. అప్పటినుంచీ హాల్లో నాన్న చూసే మోటార్ల రిపేరు, అమ్మ చూసే ఆవకాయ, అన్నయ్య కొడుకు చూసే బొమ్మలు, అన్నీ ఆమె పేరు మీదే జమ అవుతున్నాయి. ఆదివారం శ్రావణికి ఫోన్ చేయడానికి ముందు నాన్న టీవీ రిమోట్‌లోని మైకు నొక్కి "ఐదు హెచ్‌పీ మోటార్ వైండింగ్" అని వెతికాడు. మైకు సంగతి అంతే. విన్నది నిజమే, కానీ వినమని నాన్నే చెప్పాడు.

చాలా ఇళ్లలో "ఫోన్ వింటోంది" అనే కథ వెనక ఇలాంటి ఉమ్మడి అకౌంటే ఉంటుంది. అన్నిసార్లూ ఇదే కారణమని అనను. ఒకే వారం ఊళ్లో పదిమందికి మోటార్లు కాలే ఎండాకాలంలో మోటార్ కంపెనీ ఆ జిల్లాల్లో అందరికీ యాడ్ వేయించి ఉండొచ్చు. మామూలు రోజుల్లో వచ్చే వంద యాడ్లను మనం మరిచిపోతాం, మాట్లాడుకున్నదానికి సరిపోయిన ఒక్కటి గుర్తుంటుంది.

## యాడ్ ఇచ్చేవాడికి మన పేరు తెలుస్తుందా

ఇక్కడ రెండు వైపులా పొరపాటు అభిప్రాయాలున్నాయి. "గూగుల్ మన డేటా అమ్ముకుంటోంది" అని కొందరు, "మన పేరే పంపదు కదా, ఇంకేం భయం" అని ఇంకొందరు.

జరిగేది ఒక చిన్న వేలం. వీడియో మొదలయ్యే ముందు ఉన్న ఖాళీ చోటు కోసం, కంటిరెప్ప పడేలోగా, చాలామంది యాడ్లు పోటీపడతాయి. మోటారు కంపెనీ ముందే చెప్పి ఉంటుంది: తెలంగాణలో ఉండాలి, 25 ఏళ్లు దాటాలి, వ్యవసాయ పనిముట్ల మీద ఆసక్తి ఉండాలి, ఒక్కో చూపుకు ఇంత ఇస్తాను అని. ఎవరు ఆ లెక్కకు సరిపోతారో గూగుల్ లోపలే చూసుకుంటుంది. కంపెనీకి వెళ్లేది ఇంతమంది చూశారు, ఇంతమంది నొక్కారు అన్న లెక్క మాత్రమే. శ్రావణి పేరు, ఆమె హిస్టరీ వెళ్లవు. ఆ మేరకు "అమ్మట్లేదు" అన్న మాట నిజమే. కొట్టులో ఖాతా పుస్తకం ఎవరికీ ఇవ్వకుండా, ఆ పుస్తకం చూసి ఎవరి గడప ముందు కరపత్రం వేయాలో చెప్పడం లాంటిది.

అయితే యాడ్ నొక్కినప్పుడు లెక్క మారుతుంది. మోటారు కంపెనీ సైట్ తెరుచుకున్నాక అడ్రస్ బార్‌లో చూస్తే చాలాసార్లు ఇలా ఉంటుంది:

```
https://example.com/pumps?gclid=Cj0KCQ...
```

ఆ `gclid` తర్వాత వచ్చే అక్షరాలు ఆ ఒక్క క్లిక్‌కు గుర్తు. ఫలానా గుంపుకు వేసిన యాడ్ నొక్కి వచ్చిన మనిషి వీళ్లు అని కంపెనీకి అర్థమవుతుంది. అక్కడ ఫారంలో పేరు, ఫోన్ నంబరు రాస్తే, ఆ గుంపు ముద్ర ఆ పేరుకు అతుక్కుంటుంది. అదంతా యూట్యూబ్ దాటి జరిగిన పని, కాబట్టి యూట్యూబ్ సెట్టింగులతో దాన్ని వెనక్కి తీసుకోలేం.

దీనికి తలకిందులుగా జరిగేది ఇంకోటి ఉంది, తెలిసినవాళ్లు తక్కువ. బట్టల షాపులో బిల్లు కొట్టేటప్పుడు "ఫోన్ నంబర్ చెప్పండి మేడమ్" అంటారు కదా. ఆ నంబర్ల జాబితాను షాపు గూగుల్‌కు ఎక్కించవచ్చు. నంబర్లను నేరుగా కాకుండా హ్యాష్ అనే లెక్కతో వెనక్కి చదవలేని అక్షరాల వరుసగా మార్చి పంపుతారు. గూగుల్ తన దగ్గరున్న యూజర్ల నంబర్లకూ అదే లెక్క కట్టి, సరిపోలినవాళ్లకు ఆ షాపు యాడ్ చూపిస్తుంది. దీన్ని కస్టమర్ మ్యాచ్ అంటారు. అంటే మనం యూట్యూబ్‌లో ఒక్క చీర వీడియో చూడకపోయినా, పోయిన దసరాకు కొన్న షాపు యాడ్ రావచ్చు. ఇక్కడ చిట్టా యూట్యూబ్‌ది కాదు, షాపుది.

ఎన్నికల యాడ్ల విషయంలో మాత్రం నియమం వేరు. 2020 జనవరి నుంచి ప్రపంచమంతటా ఎన్నికల యాడ్లను వయసు, ఆడ మగ, ప్రాంతం, వీడియో విషయం వీటిని బట్టి మాత్రమే వేయించుకోవాలని గూగుల్ కట్టడి పెట్టింది. ఎన్నికలప్పుడు మీ నియోజకవర్గం అభ్యర్థి యాడ్ వచ్చిందంటే అది మీరున్న ప్రాంతం వల్ల. మీరు ఏ పార్టీ ప్రెస్‌మీట్లు చూస్తారన్నది చూసి వేసేందుకు వీల్లేదు.

## మూడు మీటలు, మూడు వేర్వేరు పనులు

శ్రావణి My Ad Center లో పైన కనిపించే Personalized ads మీటను ఆఫ్ చేసింది. "అమ్మయ్య, ఇక నన్ను ట్రాక్ చేయరు" అనుకుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆమె ఆపింది చిట్టా రాయడాన్ని కాదు, ఆ చిట్టా చూసి యాడ్లు వేయడాన్ని. రాయడం మామూలుగానే సాగుతోంది.

రాయడం ఆపే మీట వేరే చోట ఉంది. `myactivity.google.com` లో YouTube History అని ఉంటుంది. దాన్ని ఆపితే చూసినవి, వెతికినవి హిస్టరీలోకి ఎక్కవు. కానీ దీనికి ధర ఉంది. 2023 ఆగస్టు నుంచి, పాత హిస్టరీ కూడా పెద్దగా లేకపోతే, యూట్యూబ్ హోమ్ పేజీలో సిఫార్సులేవీ రాకుండా దాదాపు ఖాళీగా ఉంటుంది. కొందరికి ఆ ఖాళీయే హాయిగా ఉంటుంది. మా ఇంట్లో అయితే అమ్మ ఒక్కరోజులో "యూట్యూబ్ పాడైపోయిందిరా" అంది.

మూడోది, రాసినదాన్ని ఎన్నాళ్లు ఉంచాలన్నది. అదే పేజీలో Auto-delete అని ఉంటుంది. 3 నెలలు, 18 నెలలు, 36 నెలలు, వీటిలో ఒకటి ఎంచుకోవచ్చు. 2020 జూన్ తర్వాత తెరిచిన అకౌంట్లలో యూట్యూబ్ హిస్టరీ 36 నెలలకు పోయేలా ముందే పెట్టి ఉంటుంది. అంతకు ముందు తెరిచిన పాత అకౌంట్లలో మనమే పెట్టుకోవాలి, లేకపోతే అంతా అలాగే ఉండిపోతుంది. డిలీట్ నొక్కగానే తెర మీద వెంటనే మాయమవుతుంది. కంపెనీ సర్వర్లలోంచి పూర్తిగా పోవడానికి సుమారు 2 నెలలు, బ్యాకప్‌లలోంచి పోవడానికి 6 నెలల దాకా పట్టవచ్చని గూగుల్ చెబుతుంది.

ఈ మూడింటి మధ్య ఒక దారి కూడా ఉంది, అది నాకు ఎక్కువ ఉపయోగంగా అనిపించింది. My Ad Center లో Manage privacy కిందికి వెళ్తే, యాడ్ల కోసం ఏ ఏ చిట్టాలు వాడాలో విడివిడిగా ఉంటాయి. అక్కడ YouTube History ఒక్కదాన్ని ఆపేస్తే, హోమ్ పేజీ సిఫార్సులు మామూలుగానే వస్తాయి, యాడ్లకు మాత్రం ఆ హిస్టరీ వాడరు. పెళ్లి, పిల్లలు, చదువు లాంటి ఊహలను కూడా అక్కడే ఒక్కొక్కటీ దిద్దవచ్చు, ఆపేయవచ్చు. శ్రావణి తనకు "పుట్టిన" పిల్లల్ని అక్కడే తీసేసింది.

Sensitive అని ఇంకో భాగం ఉంది. మద్యం, జూదం, డేటింగ్, బరువు తగ్గడం, గర్భం, పిల్లల పెంపకం యాడ్లు తక్కువ కావాలని అక్కడ చెప్పవచ్చు. గర్భం పోయినవాళ్లకు వారాల తరబడి పసిపిల్లల సరుకుల యాడ్లు వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఈ మీటకు అర్థం అక్కడుంది. "తక్కువ" అన్న మాటను మాత్రం గమనించాలి. పూర్తిగా రావని గూగుల్ హామీ ఇవ్వదు.

డబ్బు కట్టి ప్రీమియం తీసుకుంటే వీటి బాధ ఉండదు కదా అనవచ్చు. ప్రీమియంలో యూట్యూబ్ వేసే యాడ్లు పోతాయి. చిట్టా పోదు. ఇన్‌కాగ్నిటో సంగతి కూడా దాదాపు ఇంతే: ఆ కాసేపు చూసినవి అకౌంట్ హిస్టరీలోకి ఎక్కవు, నెట్‌వర్క్‌కూ యూట్యూబ్‌కూ మనం కనపడకుండా మాత్రం పోము.

## ఆపేశాక కూడా మోకాళ్ల నొప్పి యాడ్ ఎందుకొచ్చింది

శ్రావణి మీట ఆపిన రెండు రోజులకు వాళ్లమ్మ ఫోన్ చేసింది. "ఏమే, యాడ్లు ఆపేశానన్నావ్, మోకాళ్ల నొప్పుల తైలం యాడ్ వస్తోంది టీవీలో" అంది.

వస్తుంది. ఎన్ని యాడ్లు రావాలన్నది ఆ మీట చేతిలో లేదు, ఏ ఆధారంతో రావాలన్నదే ఉంది. అమ్మ అప్పుడు చూస్తున్నది మోకాళ్ల నొప్పుల గురించి ఒక డాక్టరు చెప్పే వీడియో. ఆ వీడియో విషయాన్ని బట్టే తైలం యాడ్ వచ్చింది. దీన్ని సందర్భాన్ని బట్టి వచ్చే యాడ్ అంటారు. పేపర్లో వ్యవసాయం పేజీలో ఎరువుల ప్రకటన ఉన్నట్టు. చదివేది ఎవరో పేపర్‌కు తెలియదు, పేజీ ఏదో తెలుసు.

జబ్బులు, మతం, కులం లాంటి సున్నితమైన విషయాల ఆధారంగా మనిషిని గుర్తుపెట్టుకుని యాడ్ వేయనివ్వమని గూగుల్ నియమాలు చెబుతాయి. అంటే అమ్మకు మోకాళ్ల నొప్పులని అకౌంట్ మీద ముద్ర వేసి, రేపు వంట వీడియో ముందు ఆ తైలం చూపించకూడదు. నొప్పుల వీడియో ముందు చూపించడానికి మాత్రం అడ్డు లేదు. చూసేవాళ్లకు ఈ రెండింటికీ తేడా తెలియదు. ఎవరో తన జబ్బు కనిపెట్టినట్టే అనిపిస్తుంది.

తేడా తేల్చుకునే దారి యాడ్ మీదే ఉంది. మూలన ఉండే మూడు చుక్కలనో, చిన్న i గుర్తునో నొక్కితే ఆ యాడ్ ఎందుకు చూపించారో రాసి ఉంటుంది. మీట ఆన్‌లో ఉన్నప్పుడు మీ ఆసక్తులు, మీ వయసు, మీరు చూసినవి అన్న కారణాలు కనిపిస్తాయి. ఆపాక మీరున్న ప్రాంతం, టైము, ఇప్పుడు చూస్తున్న వీడియో వంటివే మిగలాలి. ఆపిన తర్వాత కూడా పాత కారణాలే కనిపిస్తుంటే, మీరు ఆపిన అకౌంట్ ఒకటి, ఆ తెర మీద ఉన్న అకౌంట్ ఇంకొకటి అయ్యుండే అవకాశం ఎక్కువ. రెండు జీమెయిల్‌లు వాడేవాళ్లకు ఇది తరచూ జరుగుతుంది. లాగిన్ లేని బ్రౌజర్‌కు కూడా అకౌంట్ మీట వర్తించదు, అక్కడ విడిగా ఆపాలి.

అదే చోట యాడ్ ఇచ్చినవాళ్ల పేరు, వాళ్లది ఏ దేశమో కూడా తరచూ ఉంటుంది. షేర్ల టిప్పులు, ఇంట్లో కూర్చుని సంపాదన లాంటి యాడ్లు కనిపించినప్పుడు నేను ముందు అది చూస్తాను. ఆ పేరుతో ఇంకా ఏ యాడ్లు నడుస్తున్నాయో `adstransparency.google.com` లో వెతకవచ్చు.

## చంటివాడు చూసేది ఎవరి ఖాతాలో పడుతుంది

శ్రావణి అన్నయ్య కొడుకుకు ఆరేళ్లు. వాడు చూసేదాన్ని రెండు రకాలుగా విడదీయాలి. పిల్లల కోసం చేశామని ఛానెల్ వాళ్లే గుర్తు పెట్టిన వీడియోలు ఒక రకం. 2019 సెప్టెంబర్‌లో పిల్లల డేటాను తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించిన కేసులో గూగుల్, యూట్యూబ్ అమెరికాలో 17 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. ఆ తర్వాత, 2020 జనవరి నుంచి, అలాంటి వీడియోల మీద చూసేవాళ్ల వయసు ఎంతైనా మనిషిని బట్టి వేసే యాడ్లు ఆపేశారు. కాబట్టి "చిట్టి చిలకమ్మ" లాంటి పాటల వీడియో మీద వాడికి వచ్చే యాడ్ శ్రావణి హిస్టరీని బట్టి రాదు.

రెండో రకంలోనే చిక్కు. గేమ్‌లు ఆడేవాళ్ల వీడియోలు, కామెడీ స్కిట్లు, బొమ్మ కార్ల రివ్యూలు ఆరేళ్లవాడూ చూస్తాడు, కానీ వాటికి పిల్లల గుర్తు ఉండకపోవచ్చు. అప్పుడు యూట్యూబ్ లెక్కలో చూస్తున్నది శ్రావణి, వయసు 27. యాడ్లూ ఆ లెక్కనే వస్తాయి, వాడు చూసిందీ ఆమె ఖాతాలో పడుతుంది. 18 ఏళ్లలోపు వాళ్లకు వయసు, ఆసక్తులను బట్టి యాడ్లు వేయబోమని 2021లో గూగుల్ ప్రకటించింది. అది అకౌంట్ మీద ఉన్న వయసుకే వర్తిస్తుంది, రిమోట్ పట్టుకున్న చేతికి కాదు.

## ఇందులో ఎవరి వాదన వాళ్లది

యాడ్లు మనిషిని బట్టి రావడం మంచిదేననేవాళ్ల మాటలో పస లేకపోలేదు. యూట్యూబ్ మనకు ఉచితంగా రావడానికి యాడ్లే కారణం. పెద్ద వీడియోల మీద వచ్చే యాడ్ల ఆదాయంలో 55 శాతం ఛానెల్ వాళ్లకు వెళ్తుంది. పల్లెటూరి వంటలు చేసుకుంటూ ఇల్లు నడుపుకునే తెలుగు ఛానెళ్లకు అదే జీతం. మనిషిని బట్టి వేసిన యాడ్‌కు కంపెనీలు సాధారణంగా ఎక్కువ ఇస్తాయి. పైగా జిల్లాలో ఉన్న చిన్న మోటార్ షాపు టీవీ ఛానెల్‌లో యాడ్ వేయలేదు, యూట్యూబ్‌లో కొన్ని వేలకే తన చుట్టుపక్కల రైతులకు చూపించుకోగలదు.

ఎదుటివాళ్ల ప్రశ్న ఇది: యాడ్ రావడం తప్పు కాదు, కానీ నన్ను అడిగారా? మీటలు ఉన్నాయి నిజమే, అవి ముందుగా ఆన్‌లో ఉన్నాయి. వెతికి, చదివి, ఆపాల్సింది మనం. మీటలు చెప్పినంత పని చేస్తాయా అన్న అనుమానమూ ఉంది. మొజిల్లా సంస్థ 2022లో 20 వేలకు పైగా వాలంటీర్లతో ఒక అధ్యయనం చేసింది. అది యాడ్ల గురించి కాదు, సిఫార్సుల గురించి. "Not interested" నొక్కడం వల్ల అలాంటి అక్కర్లేని సిఫార్సుల్లో 11 శాతమే తగ్గాయని, "Don't recommend channel" వల్ల 43 శాతం తగ్గాయని అందులో తేలింది. యూట్యూబ్ ఆ పద్ధతితో ఏకీభవించలేదు. నా మట్టుకు నాకు రెండు వాదనలూ నిజమే అనిపిస్తాయి, ఎందుకంటే అవి ఒకే ప్రశ్నకు జవాబులు కావు. ఒకటి యాడ్ వల్ల లాభమెవరికి అన్నది, రెండోది ముందు అడగాల్సిన బాధ్యత ఎవరిది అన్నది.

మన దేశంలో ఈ రెండో ప్రశ్నకు 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం జవాబు చెప్పే ప్రయత్నం చేసింది. దాని నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలు అక్కడి నుంచి 18 నెలలకు, అంటే 2027 మే నాటికి అమల్లోకి వస్తాయి. అప్పుడు అనుమతి అడిగే నోటీసు అర్థమయ్యే మాటల్లో ఉండాలి, కోరితే రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేనిలోనైనా ఇవ్వాలి. అందులో తెలుగు ఉంది. ఒప్పుకోవడం ఎంత సులువో, వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. 18 ఏళ్లలోపు పిల్లల ప్రవర్తన మీద నిఘా పెట్టడం, వాళ్లను గురిపెట్టి యాడ్లు వేయడం కూడదు. చట్టంలోని బాధ్యతలు తప్పితే, తప్పును బట్టి జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. హాల్లో టీవీ ముందు కూర్చున్నది ఆరేళ్లవాడా, వాడి అత్తా అన్నది ప్లాట్‌ఫామ్‌కు ఎలా తెలియాలన్న చిక్కు మాత్రం అలాగే ఉంది.

శ్రావణి ఆ వారాంతం మిర్యాలగూడ వెళ్లింది. నాన్న పేరు మీద ఒక జీమెయిల్ తెరిచి, టీవీలో తన అకౌంట్ తీసేసి అది పెట్టింది, పుట్టిన తేదీ ఆయన్నే అడిగి కొట్టింది. యూట్యూబ్ హిస్టరీ 3 నెలలకు పోయేలా పెట్టి, యాడ్లకు ఆ హిస్టరీ వాడకుండా ఆపింది. చంటివాడి కోసం పిల్లల యాప్ వేరుగా దింపింది. పక్కనే కూర్చుని చూస్తున్న నాన్న మీట ఎక్కడుందో చూసి, "అయితే మోటార్ల యాడ్లు రావా ఇక?" అన్నాడు. కొత్త మోటారు ఇంకా కొనలేదాయన, ధరలు తెలుస్తున్నాయి కదా అని చూస్తున్నాడట. ఆమె ఆ ఒక్క మీటను మళ్లీ ఆన్ చేసింది.